పాట వెనకాల ఆ బుస ఏంటి?

చోడవరంలో బాగానే పలికిన ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ పెందుర్తి దాటేసరికి ఎందుకు పిచ్చెక్కుతుంది? ఒక పాత కారు, ఒక బావ, ఒక ఆదివారం చెప్పిన కథ.

మా బావకి ఓ పాత చిన్నకారు ఉంది. ఇంజిన్ బంగారం, సీట్లు పర్లేదు, స్టీరియో మాత్రం పాతకాలందే. రేడియో ఉంది, సీడీ ఉంది. బ్లూటూత్ లేదు, ఆక్స్ రంధ్రం కూడా లేదు. ఈ రోజుల్లో సీడీలు ఎవరి దగ్గరున్నాయి చెప్పండి? అందుకే సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ ఒకటి కొన్నాడు. ఫోన్‌లో పాట బ్లూటూత్ మీద ఆ బుల్లి డబ్బాలోకి వెళ్తుంది, డబ్బా దాన్ని ఎఫ్‌ఎంలో ప్రసారం చేస్తుంది, కారు రేడియో పట్టుకుని వినిపిస్తుంది. ఆలోచన చూస్తే భలే ఉంది.

చోడవరంలో ఇంటి ముందు పెట్టి 98.1 మీద సెట్ చేశాడు. పాట గంటలా మోగింది. ఆ ధైర్యంతోనే ఆదివారం పొద్దున్న నన్నెక్కించుకుని విశాఖ బయల్దేరాడు. బీఎన్ రోడ్డు గుంతల గురించి మా వైపు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి గుంతకీ పాట ‘చిటుక్కు’ మనేది. సరే, రోడ్డు సంగతి తెలిసిందే కదా అని ఊరుకున్నాం. సబ్బవరం దగ్గరకొచ్చేసరికి పాట వెనకాల సన్నగా ‘హుస్స్’ మొదలైంది. పెందుర్తి దాటాక ఆ బుసలో ఎవరిదో గొంతు తగిలింది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర సిగ్నల్లో ఆగితే మన పాట సగం, రేడియో యాంకర్ కబుర్లు సగం.

‘‘ఇదేటిరా, డేష్‌బోర్డులో పాములబుట్ట ఎట్టుకున్నట్టుంది!’’ అన్నాడు బావ.

డబ్బా పాడైపోయిందని ఆయన తీర్పు. కొత్తది కొనేద్దామన్నాడు. కానీ డబ్బాది ఏ తప్పూ లేదు. పాడైంది మేం ఎంచుకున్న చోటు.

ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే

విశాఖలో వినిపించే ఎఫ్‌ఎం స్టేషన్లలో 91.1, 92.7, 93.5, 98.3 ప్రైవేటువి. 102.0 ఆకాశవాణి రెయిన్‌బో. మా బావ పెట్టిన 98.1 ఉంది చూశారూ, అది 98.3కి పక్కింటి గోడ. రెండిటికీ మధ్య దూరం 0.2 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఎఫ్‌ఎం స్టేషన్ అంటే డిస్‌ప్లే మీద కనిపించే ఒక్క చుక్క కాదు. పాట పలికేటప్పుడు దాని తరంగం ఆ అంకెకి అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ దాకా ఊగుతుంది. దాని అంచులు కూడా కలిపి చూస్తే ఒక్కో స్టేషన్ దాదాపు 0.2 మెగాహెర్ట్జ్ వెడల్పు జాగా ఆక్రమిస్తుంది. అంటే 98.3 వాళ్ల వాకిలి, మన వాకిలి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయన్నమాట. పైగా మామూలు కారు రేడియో ఈ రెండింటినీ కత్తిరించినట్టు విడదీయలేదు.

మరి చోడవరంలో ఎందుకు బాగుంది? అక్కడి నుంచి విశాఖ దాదాపు 50 కిలోమీటర్లు. అంత దూరం వచ్చేసరికి స్టేషన్ సిగ్నల్ సన్నబడిపోతుంది. మన డబ్బా రేడియో యాంటెన్నాకి మూరల దూరంలో ఉంది. ఎఫ్‌ఎంకి ఒక గుణం ఉంది: దగ్గరదగ్గరి ఫ్రీక్వెన్సీల్లో రెండు సిగ్నళ్లు వస్తే బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని తొక్కేస్తుంది. చోడవరంలో మన డబ్బా గెలిచింది. నగరంలోకి వచ్చాక బలాబలాలు తారుమారయ్యాయి. రెండూ సమానమైన చోట మాత్రం ఎవరూ గెలవరు. క్షణం ఇది, క్షణం అది. ఎన్‌ఏడీ దగ్గర మాకు జరిగింది అదే.

ఈ బలాల తేడా ఎంతో ఊహకి అందదు. ఇలాంటి డబ్బాలు గాల్లోకి వదిలే శక్తికి యూరప్‌లో పెట్టిన హద్దు 50 నానోవాట్లు. నగరంలో స్టేషన్ ట్రాన్స్‌మిటర్లు కిలోవాట్లలో ఉంటాయి. కేవలం ఒక్క కిలోవాటే అనుకున్నా, అది మన డబ్బాకి 2,000 కోట్ల రెట్లు. ఆ ఏనుగుతో ఈ చీమ పోటీ పడగలుగుతోందంటే కారణం ఒక్కటే, చీమ మన చెవిలోనే కూర్చుంది. కాబట్టి డబ్బాని ఏనుగు తిరిగే దారిలో పెట్టకపోవడమే మన పని.

ఫ్రీక్వెన్సీ ఇంటి దగ్గర ఎంచుకోకండి

చాలామంది చేసే పొరపాటు మా బావదే. కారు ఇంటి ముందుండగా ఖాళీ చోటు వెతుకుతారు. పల్లెల్లో, చిన్న ఊళ్లలో బ్యాండ్ అంతా ఖాళీగానే కనిపిస్తుంది. వెతకాల్సింది స్టేషన్లు గట్టిగా వినిపించే చోట. మీరు రోజూ చోడవరం నుంచి విశాఖ వెళ్లొస్తుంటే విశాఖలో ఎంచుకోండి. అక్కడ ఖాళీగా ఉన్న చోటు చోడవరంలోనూ దాదాపు ఖాళీగానే ఉంటుంది. ఇటు నుంచి అటు మాత్రం ఈ లెక్క పనిచేయదు.

మేం ఎన్‌ఏడీ దాటాక కారు ఓ పక్కన ఆపాం. ముందు ట్రాన్స్‌మిటర్ని సాకెట్లోంచి పూర్తిగా పీకేశాం. ఇది ముఖ్యం. అది ఉండగా వెతికితే దాని సొంత గోలే మనకి స్టేషన్‌లా వినిపిస్తుంది. తర్వాత రేడియోని 0.1 చొప్పున చేత్తోనే జరుపుకుంటూ వెళ్లాం. స్టేషన్ల కోసం దానంతటదే వెతికే సీక్ బటన్ ఇక్కడ పనికిరాదు. అది గట్టి స్టేషన్ల దగ్గర మాత్రమే ఆగుతుంది. సన్నగా గొణిగే స్టేషన్‌ని దాటిపోతుంది. మనకి కావాల్సింది ఆ గొణుగుడు కూడా లేని చోటు.

ఖాళీ చోటు ఎలా వినిపిస్తుంది? వాన పడుతున్నట్టు ఒకే తీరుగా ‘హుష్’ మని. అందులో మాట, సంగీతం, ‘గుర్ర్’ ఏదీ తగలకూడదు. కొన్ని రేడియోలు సిగ్నల్ లేకపోతే ఏకంగా గొంతు మూసుకుంటాయి, అదీ ఖాళీ కిందే లెక్క. అలాంటి చోటు దొరికాక దానికి అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు కూడా విని చూడండి. పక్కనున్న గట్టి స్టేషన్‌కి కనీసం 0.4 దూరం ఉంటే నయం, ఇంకా ఎక్కువుంటే మరీ మంచిది. 93.5కీ 98.3కీ మధ్య పెద్ద మైదానమే ఉంది. సరిగ్గా నడిమధ్య 95.9. అక్కడ రెండు వైపులా 2.4 మెగాహెర్ట్జ్ దూరం. మేం దానికే ఓటేశాం. పోటీకి ఇంకో రెండు చోట్లు కూడా చూసుకుని, మూడింటినీ రేడియోలో 1, 2, 3 బటన్ల మీద దాచుకున్నాం. రోడ్డు మీద ఒకటి చెడితే రెండోదానికి మారొచ్చు. డబ్బాని కూడా అదే అంకెకి మార్చాలి సుమా, అది మర్చిపోయి ‘పాట రావట్లేదే’ అని తిట్టుకునేవాళ్లని చూశాను.

ఇక్కడ చిన్న పిట్టకథ. డబ్బా కొత్తగా తెరిచినప్పుడు ఉండే ఫ్రీక్వెన్సీనే అలా వదిలేసేవాళ్లు బోలెడుమంది. ఓసారి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా రేడియోలో ఉన్నట్టుండి అయ్యప్ప భజన మొదలైంది. పక్క కారాయన తన డబ్బాలో వింటున్నాడు, మాదీ ఆయనదీ ఒకే అంకె! పచ్చలైటు పడగానే భజన కూడా వెళ్లిపోయింది. అందుకే డబ్బా వచ్చినప్పటి అంకె మీద ఉంచకండి.

పాట ఆపి వినండి

95.9కి మారాక యాంకర్ గొంతు పోయింది. బుస మాత్రం సగమే తగ్గింది. ‘‘ఇంకా ఉందిరా లోపల ఒకటి’’ అన్నాడు బావ.

ఫోన్ చూస్తే వాల్యూమ్ సగానికి కూడా లేదు. కారు స్టీరియో వాల్యూమ్ మాత్రం చివరి దాకా తిప్పి ఉంది. చాలామంది బుసకి ఇదే అసలు కారణం. ఫోన్ నుంచి పాట నీరసంగా వెళ్తే డబ్బా దాన్ని అంతే నీరసంగా తరంగం మీద ఎక్కిస్తుంది. దారిలో చేరే బుస పరిమాణం మాత్రం మారదు. కారులో మనం వాల్యూమ్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. పలచటి చారులో నీళ్లు తగ్గించకుండా గిన్నె పెద్దది చేసినట్టు.

దీన్ని పట్టుకోవడానికి ఓ తేలిక కిటుకు. పాట మోగుతుండగా కారు వాల్యూమ్ ముట్టుకోకుండా రేడియోని ఏదైనా మామూలు స్టేషన్‌కి మార్చండి. స్టేషన్ చెవులు చిల్లులు పడేలా అరిస్తే, మీ పాట పలచగా వెళ్తోందని అర్థం. స్టేషన్, మీ పాట దాదాపు ఒకే స్థాయిలో వినిపించే దాకా ఫోన్ వాల్యూమ్ పెంచండి. మామూలుగా 80 నుంచి 90 శాతం మధ్య కుదురుతుంది. నూటికి నూరు పెడితే కొన్ని డబ్బాల్లో పాట పగిలిపోతుంది. ‘స’ అక్షరాలు, తాళాల మోత గరగరలాడితే కాస్త వెనక్కి తగ్గండి.

అది సరిచేశాకే అసలు పరీక్ష. పాటని ఫోన్‌లో పాజ్ చేయండి. మొదటి కొన్ని సెకన్లు చెవి పెట్టి వినండి. కొన్ని డబ్బాలు కాసేపు పాట లేకపోతే ప్రసారమే ఆపేస్తాయి, అప్పుడు వినిపించే బుసకి అర్థం వేరు. పాజ్‌లో కారు నిశ్శబ్దంగా ఉంటే డబ్బాకీ రేడియోకీ మధ్య దారి శుభ్రంగా ఉన్నట్టే. ఇక బుస ఉంటే అది ఆ పాట ఫైల్లోనే ఉండి ఉంటుంది. పాజ్‌లో కూడా అదే ‘హుస్స్’ ఉంటే సిగ్నల్ బలం చాలట్లేదు. పాజ్‌లో ‘కుయ్య్’ అనో ‘గిర్ర్’ అనో స్వరం ఉన్న శబ్దం వస్తే అది కరెంటు వైపు నుంచి వస్తున్న దొంగ.

సిగ్నల్ బలం చాలడం లేదనడానికి ఇంకో గుర్తు రేడియో డిస్‌ప్లే మీదే ఉంటుంది. ST అనే గుర్తు వెలిగి ఆరుతుంటే స్టీరియో నిలవట్లేదని. స్టీరియోకి మోనో కన్నా చాలా గట్టి సిగ్నల్ కావాలి. అదే బలహీనమైన సిగ్నల్‌ని మోనోలో వింటే బుస సుమారు 20 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, అంటే చెవికి స్పష్టంగా తెలిసేంత. పాత స్టీరియోల్లో మోనోకి మార్చే బటనో సెట్టింగో ఉంటే వార్తలకీ, పాడ్‌కాస్ట్‌లకీ అదే చాలు. లేకపోతే కారు యాంటెన్నా కడ్డీ మొదట్లో వదులుగా ఉందేమో చూడండి. మా బావ కారులో అది సగం ఊడి ఉంది, కార్ వాష్ కుర్రాడు తీసి మళ్లీ సరిగా బిగించలేదు.

ఆ ‘కుయ్య్’ ఎక్కడిది?

కడ్డీ బిగించాక పాజ్‌లో ‘హుస్స్’ పోయింది. దాని వెనకాల దాక్కున్న ‘కుయ్య్’ బయటపడింది. ఒకదాని కింద ఒకటి.

బావ కారులో లైటర్ సాకెట్ ఒక్కటే. దానికి మూడు రంధ్రాల స్ప్లిటర్ తగిలించాడు. ఒకదాంట్లో ట్రాన్స్‌మిటర్, ఒకదాంట్లో ఫోన్ ఫాస్ట్ చార్జర్, మూడోదాంట్లో డాష్‌కెమెరా చార్జర్. సంతలో ముగ్గురు ఒకే మైక్ పట్టుకున్నట్టు.

ముందు తేల్చుకోవాల్సింది ఇంజిన్‌దా, చార్జర్‌దా అని. బండి ఆపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, ఎక్సలేటర్ కొద్దిగా తొక్కాం. శబ్దం స్వరం ఇంజిన్‌తో పాటు పైకి లేచి కిందకి దిగితే అది ఆల్టర్నేటర్ గోల, అంటే బ్యాటరీ చార్జ్ చేసే డైనమో నుంచి వచ్చేది. మాది మారలేదు. ఇంజిన్ ఆపి, తాళం ఒక మెట్టు మీద ఉంచి విన్నా అలాగే ఉంది. అయితే ఇంజిన్ నిర్దోషి.

ఇక ఒక్కొక్క చార్జర్‌నీ పీకాం. కెమెరా చార్జర్ తీస్తే తేడా కొంచెం. ఫోన్ చార్జర్ తీయగానే టక్కున నిశ్శబ్దం. దొంగ దొరికాడు. అనుమానం తీర్చుకోవడానికి ఫోన్‌ని పవర్‌బ్యాంక్‌కి తగిలించి చూశాం. చార్జింగ్ ఎక్కుతోంది, గోల లేదు. అంటే తప్పు ఫోన్‌ది కాదు, కేబుల్‌ది కూడా కాదు, ఆ చార్జర్‌దే.

చార్జర్ ఎందుకు గోల చేస్తుంది? కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు, ఇంజిన్ తిరుగుతుంటే 14 దాకా. ఫోన్‌కి కావాల్సింది మామూలుగా 5. ఆ దించే పనికి చార్జర్ లోపలి స్విచ్ సెకనుకి లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. అంత వేగంగా కత్తిరించిన కరెంటు నుంచి చిల్లర తరంగాలు ఎగిరి ఎఫ్‌ఎం బ్యాండ్ దాకా పాకుతాయి. మంచి చార్జర్‌లో వాటిని లోపలే మింగేసే ఫిల్టర్ భాగాలు ఉంటాయి. చవక చార్జర్ తయారుచేసేవాడు ముందు పీకేసేది ఆ భాగాలనే, ఎందుకంటే అవి లేకపోయినా ఫోన్ చార్జ్ అవుతుంది కదా! ఇంకో విశేషం, ఫోన్ దాదాపు నిండాక ఈ గోల తగ్గుతుంది. లాగే కరెంటు తగ్గుతుంది కాబట్టి. 20 శాతం మీద ‘కుయ్య్’ మన్న కారు 100 శాతం మీద సైలెంటైతే చార్జర్‌ని అనుమానించండి.

చార్జర్ కేబుల్ ఇక్కడ యాంటెన్నాలా పనిచేస్తుంది. అది ట్రాన్స్‌మిటర్ పక్కగా, రేడియో ముందుగా వేలాడుతుంటే గోల పెరుగుతుంది. దాన్ని పక్కకి జరిపి చూడండి, కొన్నిసార్లు అంతే చాలు. చాలకపోతే ఎలక్ట్రానిక్స్ షాపులో ఫెరైట్ కోర్ అని అడగండి. లాప్‌టాప్ చార్జర్ వైరు మీద నల్లటి బుడిపె చూసే ఉంటారు, అదే. తెరిచి వైరు మీద బిగించే క్లిప్ రకం దొరుకుతుంది. వైరుని దాని మధ్యలోంచి ఒక్కసారి పంపిస్తే లాభం తక్కువ. రెండు చుట్లు తిప్పితే అడ్డుకునే బలం దాదాపు నాలుగు రెట్లు, మూడు చుట్లకి తొమ్మిది రెట్లు. కాబట్టి మూడు చుట్లు పట్టేంత రంధ్రం ఉన్నది కొనండి. చార్జర్‌కి ఎంత దగ్గరగా వేస్తే అంత మంచిది, తరంగం వైరు మీద ఎగబాకకముందే ఆపాలి.

చాలా వీడియోల్లో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ కొనమంటారు. అది మంచి వస్తువే కానీ ఈ రోగానికి కాదు. ఫోన్‌ని ఆక్స్ వైరుతో డబ్బాకి కలిపి, అదే సాకెట్ నుంచి ఫోన్‌కి చార్జింగ్ పెట్టినప్పుడు వచ్చే ఇంజిన్ ఈలకి అది మందు. ఆ వైరు మధ్యలో పెడతారు. మీరు బ్లూటూత్ వాడుతుంటే పెట్టడానికి వైరే లేదు, డబ్బులు దండగ.

మరి గుంతలకి ‘చిటుక్కు’ మన్నదో? అది రేడియో వ్యవహారమే కాదు. గుంతలో పడ్డప్పుడు డబ్బా మీద అంకె కూడా ఒక్క క్షణం ఆరి వెలగడం తిరుగు దారిలో గమనించాను. లైటర్ సాకెట్లో పట్టు వదులైంది, డబ్బాకి కరెంటే తెగి కలుస్తోంది. స్ప్లిటర్ తీసేసి డబ్బాని నేరుగా సాకెట్లో నొక్కి పెడితే చిటుకులు చాలావరకు పోయాయి. సాకెట్ అడుగున నల్లగా పేరుకున్నది తుడవాలనుకుంటే ముందు దాని ఫ్యూజు తీసేయండి. స్క్రూడ్రైవర్ పెట్టి గీకారంటే మధ్య చుక్కకీ అంచుకీ తగిలి ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఇవన్నీ చేసినా సీడీ అంత శుభ్రంగా వస్తుందనుకోవద్దు. ఎఫ్‌ఎం పాటలో 15 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదేదీ మోసుకురాదు. మీ స్టీరియోకి ఆక్స్ రంధ్రం ఉంటే ట్రాన్స్‌మిటర్ గొడవే వద్దు, ఒక వైరు కొనుక్కోండి. బావ కారులాంటివాటికే ఈ తంటాలు.

సాయంత్రం సబ్బవరం మీదుగా తిరిగొచ్చాం. స్ప్లిటర్ డిక్కీలో, ఫోన్ పవర్‌బ్యాంక్ మీద, డబ్బా 95.9 మీద. చోడవరం దగ్గరపడుతుండగా గోవాడ ఫ్యాక్టరీ వైపు వెళ్తున్న చెరుకు ట్రాక్టర్ల వెనక చిక్కుకున్నాం. బావ పాట పాజ్ చేసి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. ట్రాక్టర్ మోత తప్ప ఏమీ లేదు.

‘‘మరి కెమెరాకి చార్జింగ్ ఎలా పెట్టాలిరా?’’ అన్నాడు.